లక్షల వ్యూస్ వచ్చినా ట్రెండింగ్‌లో ఎందుకు రాలేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో మాది చిన్న ఎడిటింగ్ రూమ్. జానపద పాటలు, పల్లెటూరి కామెడీ, జాతర వీడియోలు, పెళ్లి వీడియోలు అన్నీ చేస్తాం. అనంతపురం, కడప వైపు నుంచి కూడా చానెల్ వాళ్లు వస్తుంటారు, వచ్చినవాళ్లలో సగం మంది ఇవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో మొదటినుంచి చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే మేలని రాశాను. ఇదంతా యూట్యూబ్ గురించే. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లెక్కలు వేరే.

అసలు ట్రెండింగ్ పేజీ యాడుందన్నా? నా ఫోన్లో కనపడటం లేదు.

లేదు, తీసేసినారు. 2015లో వచ్చిన ఆ పేజీని 2025 జూలైలో ఎత్తేశారు. అప్పటిదాకా మన దేశంలో ఎక్కువగా వాడే తొమ్మిది భాషలకి ఒక్కో జాబితా ఉండేది, అందులో అన్ని రకాల వీడియోలూ కలిసి వచ్చేవి, పక్కన మ్యూజిక్, గేమింగ్, సినిమాలకి విడి ట్యాబ్‌లు ఉండేవి. ఐదేళ్లుగా ఆ పేజీ తెరిచి చూసేవాళ్లు బాగా తగ్గిపోయారని యూట్యూబ్ వాళ్లే చెప్పినారు. దాని బదులు ఇప్పుడు విభాగాల వారీగా చార్టులు పెట్టినారు: ట్రెండింగ్ మ్యూజిక్ వీడియోలు, వారానికోసారి వచ్చే పాడ్‌కాస్ట్‌ల చార్టు, సినిమా ట్రైలర్లు. గేమింగ్ వీడియోలకి గేమింగ్ పేజీలో వేరుగా ఉంది. చార్టులు చూడాలంటే `charts.youtube.com` తెరిచి దేశం దగ్గర ఇండియా పెట్టుకోండి.

కాబట్టి మీది పల్లెటూరి కామెడీయో, వంటల వీడియోనో, జాతర వీడియోనో అయితే ఈరోజున అది ఎంత ఆడినా ఎక్కడానికి చార్టే లేదు. పాట అయితే ఉంది, ట్రైలర్ అయితే ఉంది. "మా స్కిట్‌కి పది లక్షలు దాటినాయి, ట్రెండింగ్‌లో రాలేదు" అని బాధపడేవాళ్లకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మరి పాత పేజీ గురించి ఇప్పుడెందుకు అంటారా? ఆ జాబితాని ఏమేం చూసి కట్టేవాళ్లో యూట్యూబ్ బయటికే చెప్పింది. మొత్తం వ్యూస్‌కీ, జాబితాలో స్థానానికీ ఉన్న తేడా దాంట్లోనే బాగా అర్థమవుతుంది. ఇప్పటి చార్టుల దగ్గర వచ్చే గొడవలు కూడా చాలావరకు అవే.

నా హోమ్ పేజీలో ఒకే వీడియో పదిసార్లు వస్తోంది. అంటే అది ట్రెండింగే కదా?

కాదు. హోమ్ పేజీ మీకోసం తయారైంది. నిన్న మీరు ఆళ్లగడ్డ వాళ్ల కామెడీ రెండు చూసి ఉంటే ఇవాళ అలాంటివే నాలుగు తెచ్చి పెడుతుంది. మీ ఇంట్లో వాళ్లకి, మీ వీధిలో వాళ్లకి కూడా అదే వస్తుండొచ్చు, దాంతో ఊరంతా చూస్తున్నట్టు అనిపిస్తుంది. ట్రెండింగ్ జాబితా అట్లా మనిషిని బట్టి మారేది కాదు. ఒక భాష జాబితా చూసేవాళ్లు ఢిల్లీలో కూర్చున్నా ఆదోనిలో కూర్చున్నా వాళ్లకి కనపడేది ఒకటే. అందుకే మనం తెరిస్తే మనం ఎప్పుడూ చూడని పాటలు, ఎప్పుడూ వినని వాళ్ల వ్లాగ్‌లు వరసగా కనపడేవి, అది చూసి "ఇదేం ట్రెండింగ్ సామీ" అనుకునేవాళ్లం.

సరే, ఆ జాబితాని ఏం చూసి కట్టేవాళ్లు?

ఐదు సంగతులు చూస్తామని చెప్పేవాళ్లు. వీడియోకి ఎన్ని వ్యూస్ వచ్చినాయి, ఎంత వేగంగా వస్తున్నాయి, ఎక్కడినుంచి వస్తున్నాయి (యూట్యూబ్ బయటనుంచి వచ్చేవి కూడా), వీడియో పెట్టి ఎంతసేపైంది, అదే చానెల్ ఈమధ్య పెట్టిన మిగతా వీడియోలతో పోలిస్తే ఇది ఎట్లా ఆడుతోంది. ఈ ఐదింటినీ కలిపి తూచేవాళ్లు. దేనికి ఎంత తూకం అనేది మాత్రం బయటపెట్టలేదు. దాదాపు ప్రతి 15 నిమిషాలకి ఒకసారి జాబితా మళ్లీ కట్టేవాళ్లు, అప్పుడు వీడియో పైకి పోవచ్చు, కిందికి దిగొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు.

ఆరోజు అందరికంటే ఎక్కువ వ్యూస్ వచ్చిన వీడియో నంబర్ 1లో ఉండకపోవచ్చని కూడా వాళ్ల వివరణలోనే స్పష్టంగా ఉండేది. మనవాళ్లు చదవంది ఆ ఒక్క లైనే. ఆదోని యార్డులో ఈరోజు ఎంత పత్తి దిగింది అనేది ఒక లెక్క, సీజన్ మొత్తం మీద ఎంత దిగింది అనేది ఇంకో లెక్క. ట్రెండింగ్‌ది మొదటి రకం లెక్క, మీ వీడియో కింద కనపడే అంకె రెండో రకం.

మా పాటకి 6 లక్షలు, వాళ్ల వీడియోకి 1 లక్షా 40 వేలే. వాళ్లది జాబితాలో వచ్చింది, మాది రాలేదు. ఇదేం న్యాయం?

ఈ ప్రశ్నకి లెక్క వేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. ఇది పాత పేజీ ఉన్నప్పటి సంగతి. అంకెలు నేను వేసుకున్నవే, కానీ మా దగ్గరికి వచ్చే చానెళ్ల కథ అటూ ఇటుగా ఇట్లాగే ఉంటుంది.

రాయచోటి వైపు నుంచి ఒక జానపద పాట అనుకోండి. పెట్టి 20 రోజులైంది, మొత్తం 6 లక్షలు. యూట్యూబ్ స్టూడియోలోకి పోయి విడగొట్టి చూస్తే అందులో 2 లక్షలు యాడ్ పెట్టి తెచ్చుకున్నవి. ఇంకో 1 లక్షా 30 వేలు కువైట్, సౌదీ నుంచి వచ్చినవి. ఇవి రెండూ తీసేస్తే మన దేశంలో తమంతట తాము చూసినవాళ్లవి 2 లక్షల 70 వేలు. దాన్ని 20 రోజులకి పంచితే రోజుకి 13,500, అంటే గంటకి సుమారు 560.

ఇప్పుడు రెండో వీడియో. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా, అక్కడికి పోయి ఒక కుర్రోడు ఫోన్‌తో తీసిన వీడియో. పొద్దున పెట్టినాడు, 10 గంటల్లో 1 లక్షా 40 వేలు. అంటే గంటకి 14,000. పాట వేగానికి ఇది 25 రెట్లు.

ఇంకొకటి కూడా ఉంది. పాట పెట్టిన చానెల్‌లో ఏ పాట పెట్టినా ఐదారు లక్షలు దాటడం మామూలే, కాబట్టి ఈ 6 లక్షలు వాళ్లకి కొత్త విషయం కాదు. వజ్రాల వీడియో పెట్టినోడికి మామూలుగా వచ్చేది 8 వేలు. వాడికి ఒక్కరోజులో 17 రెట్లు దాటి వచ్చింది. అంటే వాడి సబ్‌స్క్రైబర్లు కాని జనం ఎవరో వచ్చి చూస్తున్నారన్నమాట. జాబితాకి కావలసింది ఈ కదలికే. పెద్ద చానెల్ తన మామూలు వీడియోతో ఎక్కలేకపోవడానికి, చిన్న చానెల్ ఒక్కోసారి ఎగిరి కూర్చోవడానికి ఇదే కారణం.

వాడి వీడియో కూడా రెండు రోజులకి దిగిపోతుంది, అది వేరే సంగతి. అప్పటికి మొత్తం 4 లక్షలై ఉండొచ్చు, కానీ గంటకి వచ్చేవి తగ్గిపోయి ఉంటాయి. "వ్యూస్ పెరుగుతుంటే ర్యాంక్ తగ్గుతోందేంది" అని టెన్షన్ పడతారు. మొత్తం ఎప్పుడైనా పెరుగుతూనే ఉంటుంది, తగ్గేది వేగం.

కువైట్‌లో ఉన్న మనోళ్లంతా చూసినారు, ఆ వ్యూస్ లెక్కలోకి రావా?

మీ వీడియో కింద కనపడే అంకెలోకి వస్తాయి, డబ్బుల లెక్కలోకీ వస్తాయి. ఇండియా జాబితాకి మాత్రం పనికిరావు. జాబితాలు దేశం వారీగా కడతారు, చూసే మనిషి ఏ దేశంలో ఉండి చూశాడనేదే ముఖ్యం, అతని సొంతూరు ఏదనేది కాదు. కడప, రాజంపేట, రాయచోటి వైపు చానెళ్లకి ఇది పెద్ద సమస్య, ఎందుకంటే అక్కడ ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, రాత్రి డ్యూటీ దిగి రూమ్‌లో కూర్చుని చూసేది ఈ పాటలే. పోనీ కువైట్ జాబితాలో అయినా వస్తుందా అంటే అక్కడ అరబిక్, మలయాళం, హిందీ చూసేవాళ్ల మధ్య మన లక్ష చాలడం కష్టం. ఇట్లా రెండు పక్కలా కొంచెం కొంచెం ఉండి ఎక్కడా నిండకుండా పోతుంది.

అనంతపురం వాళ్లకి ఈ బాధ తక్కువ. వాళ్ల జనం పనుల కోసం పోయేది ఎక్కువగా బెంగళూరుకి. రాష్ట్రం మారినా దేశం మారదు కాబట్టి అవన్నీ ఇండియా లెక్కలోనే పడతాయి.

మీ వీడియోకి ఏ దేశం నుంచి ఎన్ని వచ్చినాయో చూడాలంటే స్టూడియోలో `Analytics` లోకి పోయి `Advanced mode` తెరిచి `Geography` నొక్కండి. ఒకసారి చూస్తే చాలామంది నోరు మూతపడుతుంది.

వాట్సాప్ గ్రూపులన్నింట్లో మా వీడియోనే తిరుగుతోంది. అయినా వ్యూస్ పెరగడం లేదు.

ఏ రూపంలో తిరుగుతోందో చూడండి. లింక్ తిరుగుతుంటే మంచిదే, దాన్ని నొక్కి వచ్చినవాళ్లు స్టూడియోలో `External` కింద కనపడతారు, బయటనుంచి వచ్చే వ్యూస్‌కీ లెక్క ఉంటుందని పైన చెప్పాను కదా. కానీ మనవాళ్ల గ్రూపుల్లో తిరిగేది ఎక్కువగా లింక్ కాదు, డౌన్‌లోడ్ చేసి ముక్క కోసిన వీడియో ఫైల్. దాన్ని లక్షమంది చూసినా యూట్యూబ్‌కి ఒక్కటి కూడా తెలియదు. పైగా ఆ ఫైల్‌ని ఇంకో నలుగురు తమ చానెళ్లలో, పేజీల్లో ఎక్కించుకుంటారు. అప్పుడు జనం చూసింది ఒకటే వీడియో అయినా వ్యూస్ ఐదు చోట్లకి చీలిపోతాయి, ఏ ఒక్కచోటా వేగం కనపడదు. "ఊరంతా మాట్లాడుకుంటున్నారు, ట్రెండింగ్‌లో లేదు" అనే మాటకి చాలాసార్లు అసలు కారణం ఇదే.

పనికొచ్చే సలహా ఒకటే: ఫైల్ మీరే గ్రూపుల్లో పెట్టొద్దు. చానెల్ ఓనరే ఉత్సాహంతో మొదటి కాపీ పంపిన కేసులు మాకు బాగా తెలుసు.

యాడ్ పెట్టి వ్యూస్ తెచ్చుకుంటే ఎక్కించొచ్చా?

లేదు. యాడ్‌గా ఆడించిన వీడియోని జనం 30 సెకన్లు చూస్తే (వీడియో అంతకంటే చిన్నదైతే పూర్తిగా చూస్తే) మీ అంకెలో ఒక వ్యూ చేరుతుంది, అందుకే యాడ్ పెట్టిన పాటకి రెండు రోజుల్లో లక్షలు కనపడతాయి. కానీ ట్రెండింగ్ ఎంపికలో ఆ యాడ్ వ్యూస్‌ని తీసుకోమని యూట్యూబ్ చెప్పేది. మ్యూజిక్ చార్టుల్లో, 24 గంటల రికార్డుల్లో కూడా 2019 సెప్టెంబర్ నుంచి యాడ్ వ్యూస్‌ని కలపడం మానేశారు. దానికి రెండు నెలల ముందు మన దేశంలోనే ఒక హిందీ పాటకి ఒక్కరోజులో 7.5 కోట్ల వ్యూస్ వచ్చినాయని కంపెనీ ప్రకటించుకుంది, యాడ్‌లతో తెచ్చారని గొడవైంది, యూట్యూబ్ దాన్ని రికార్డుగా ప్రకటించనే లేదు.

మీ వీడియోలో యాడ్ వాటా ఎంతో తెలుసుకోవాలంటే అదే `Advanced mode` లో `Traffic source` నొక్కి `YouTube advertising` అన్న వరసని చూడండి. ఆ అంకెని మొత్తంలోంచి తీసేసి అప్పుడు పక్కోళ్ల వీడియోతో పోల్చుకోండి. యాడ్ తప్పని నేను అనడం లేదు, కొత్త చానెల్‌ని పదిమందికి తెలియజెయ్యడానికి వాడుకోవచ్చు. చార్టు కోసం అయితే దండగ.

మరి ప్యానెల్ వాళ్ల దగ్గర వ్యూస్ కొంటే?

అది ఇంకా అన్యాయం. యూట్యూబ్ వ్యూస్‌ని సరిచూస్తూ ఉంటుంది, నకిలీవి అనుకుంటే తీసేస్తుంది. అంకె కొన్ని గంటలు ఒకేచోట ఆగిపోవడం, మరుసటిరోజుకి వెనక్కి తగ్గడం ఈ సరిచూడటంలో భాగమే. కొనకపోయినా ఒక్కోసారి ఆగుతుంది, కంగారు పడొద్దు. కానీ కొన్న వ్యూస్‌ని గుర్తుపట్టడం మాకే సులువు, ఇక వాళ్లకెంత: వ్యూస్ 80 వేలు, లైకులు నలభై, కామెంట్లు రెండు, చూసిన సగటు సమయం పది సెకన్లు, దేశం చూస్తే మన జానపద పాటకి ఎక్కడో తెలుగు ముక్క రాని దేశం మొదటి వరసలో. చానెల్‌కే ఎసరు పెట్టుకునే పని.

దేవరగట్టు బన్ని వీడియో. లక్షల్లో చూసినారు, అంతా మన దేశంలోనే, ఒక్క రాత్రిలోనే. అదెందుకు రాలేదు?

వేగం, చోటు అన్నీ సరిపోయినా ఇంకో జల్లెడ ఉంటుంది. హింస, బూతులు, పెద్దలకి మాత్రమే అనదగ్గ విషయాలు, ఇంకొకరిని కించపరిచేవి ట్రెండింగ్‌లోకి రాకుండా వడపోస్తామని యూట్యూబ్ చెప్పేది. దసరా రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వర స్వామి విగ్రహాల కోసం కర్రలతో కొట్టుకోవడం, తలలు పగిలి రక్తం కారడం మనకి ఏటేటా చూసే ఉత్సవం. ఆ జల్లెడకి అది నెత్తురు కనపడే వీడియో, అంతే. వీడియో తీసేయకపోవచ్చు, వెతికితే దొరుకుతుంది, వ్యూస్ కూడా వస్తూనే ఉంటాయి, కానీ అందరికీ ఒకేలా చూపించే జాబితాలో దాన్ని పెట్టేవాళ్లు కాదు. దివిటీలు, జనం, కొండ మీద గుడి చూపించి, దెబ్బల భాగం తీసేసి ఎడిట్ చేసిన వీడియోకి ఆ అడ్డు ఉండేది కాదు. అయితే నిజం చెప్పాలంటే జనం వెతుక్కుని చూసేది ఆ దెబ్బల భాగాన్నే, కాబట్టి ఏది కావాలో ఎడిటింగ్‌కి ఇచ్చేముందే తేల్చుకోండి.

థంబ్‌నెయిల్ మోసం కూడా ఇదే కోవ. లోపల లేని వజ్రాన్ని బయట అరచేతిలో పెట్టి చూపిస్తే జనం నొక్కుతారు, కానీ తప్పుదారి పట్టించేవి, క్లిక్‌ల కోసం పెట్టేవి మాకొద్దని ఆ పేజీ నియమాల్లోనే ఉండేది.

మాది పాటే. మ్యూజిక్ చార్టులో రావాలంటే ఏం చూస్తారు?

ముందు ఏ చార్టు అనేది తేల్చుకోవాలి. ట్రెండింగ్ మ్యూజిక్ వీడియోలది కొత్తగా వచ్చిన వీడియోల చార్టు, వారం చార్టులు వేరు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం కాదు, శుక్రవారం నుంచి గురువారం దాకా. ఇది తెలియక బుధవారం సాయంత్రం పాట వదిలేవాళ్లు ఉన్నారు. వేడి మీద ఉండే మొదటి రెండు మూడు రోజుల్లో ఒక రోజుకి కాస్త పైన ఈ వారంలోకి, మిగతాది వచ్చే వారంలోకి పోతుంది, రెండు వారాల్లోనూ అంకె సగం సగమే కనపడుతుంది. అదే పాట శుక్రవారం పొద్దున వదిలుంటే వేడంతా ఒకే వారంలో పడేది.

ఇంకోటి, పాటల చార్టు వేరు, మ్యూజిక్ వీడియోల చార్టు వేరు. పాటల చార్టులో ఒక పాటకి సంబంధించిన అధికారిక వీడియో, లిరికల్ వీడియో, ఆ పాటని వాడి జనం చేసుకున్న వీడియోలు అన్నీ కలిపి లెక్కిస్తారు. వీడియోల చార్టులో ఒక్క వీడియో వ్యూసే. సినిమా పాటలకి కలిసొచ్చేది ఇక్కడే, ఎందుకంటే వాళ్ల పాట ఆడియో కంపెనీ ద్వారా యూట్యూబ్‌లో నమోదై ఉంటుంది, ఎవరు ఎక్కడ డాన్స్ చేసినా అది ఆ పాట ఖాతాలోకి చేరుతుంది. మన జానపద చానెల్ వాళ్లు పాటని రికార్డ్ చేసి మామూలు వీడియోలా ఎక్కించి వదిలేస్తారు. పెళ్లి బారాత్‌ల్లో వంద వీడియోలు వచ్చినా ఆ పాట ఎవరిదో యూట్యూబ్‌కి తెలియదు, అవన్నీ గాలికి పోతాయి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాటని నమోదు చేయించుకోవడానికి పెట్టే ఖర్చు యాడ్‌కి పెట్టేదానికంటే నయం, అది నా అభిప్రాయం.

షార్ట్‌కి 20 లక్షలు వచ్చినాయి, అది కూడా తక్కువేనా?

షార్ట్ వ్యూస్‌ని పెద్ద వీడియో వ్యూస్‌తో పోల్చొద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు ఒక వ్యూ, మళ్లీ తిరిగి మొదలైతే ఇంకోటి. ఎంతసేపు చూడాలనే నిబంధన లేదు. వేలితో తోసేస్తూ పోయినవాళ్లంతా అందులో ఉన్నారు. ఆగి చూసినవాళ్లు ఎంతమందో కావాలంటే స్టూడియోలో `Engaged views` చూడండి.

కర్నూలు జిల్లాకో, సీమకో విడిగా ట్రెండింగ్ జాబితా ఉందా?

యూట్యూబ్‌ది లేదు. "కర్నూలు ట్రెండింగ్" అని కనపడేవన్నీ ఎవరో పెట్టుకున్న పేజీల పేర్లు.

అప్పట్లో సినిమావాళ్ల పోస్టర్ల మీద "నంబర్ 1 ట్రెండింగ్" అని ఉండేది. అదెట్లా? అందరూ నంబర్ 1 ఎట్లా అవుతారు?

అవుతారు. మ్యూజిక్ ట్యాబ్‌లో నంబర్ 1 ఒకరు, మొత్తం జాబితాలో నంబర్ 1 ఇంకొకరు. పదిహేను నిమిషాలకోసారి జాబితా మారేది కాబట్టి పొద్దున 9కి ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు. ఆ కాసేపట్లో స్క్రీన్‌షాట్ తీసి పోస్టర్ చేసుకుంటారు, అబద్ధం కాదు, కానీ ఎంతసేపు ఉంది, ఏ ట్యాబ్‌లో ఉంది అనేది రాయరు.

ఒకాయన ఫోన్ చేసి ముప్పై వేలిస్తే ట్రెండింగ్‌లో పెట్టిస్తా అంటున్నాడు. ఇవ్వొచ్చా?

డబ్బు తీసుకుని జాబితాలో చోటు ఇవ్వమని యూట్యూబ్ ఆ పేజీ ఉన్నన్నాళ్లూ చెప్తూనే ఉంది. ఇప్పుడు ఆ పేజీయే లేదు. ఏ చార్టులో, ఏ దేశంలో, ఏ వారంలో పెట్టిస్తాడో రాసి పంపమనండి, మళ్లీ ఫోన్ చెయ్యడు.